పత్రికకు మనం రాసిన నిమ్మకాయ వ్యాసం

(మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఊరగాయల యూనిట్ సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



యూనిట్ ఆదాయ వ్యయాలు పుస్తకంలో వేరే పేజీలో ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ చదవం. ఒక వ్యవసాయ మాసపత్రికకు మేం వ్యాసం రాసిన సంగతి చెప్పమని పోయిన మీటింగులో చాలామంది అడిగారు. అందులో మేం చేసిన తప్పులతో సహా చెప్తాం.

మన గూడూరులో నిమ్మకాయ సంగతి మీకు కొత్త కాదు. ఎండాకాలంలో బంగారం, వానలు పడితే కోత కూలి కూడా రాదు. అట్లా ధర పడిపోయిన నెలల్లోనే మేం కాయ కొని ఊరగాయ పెడతాం. పెట్టిన జాడీలు మన చుట్టుపక్కలే అమ్ముడుపోవాలంటే కష్టం, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఊరగాయ ఉంటుంది. బయటి ఊళ్లవాళ్లకు మనం తెలియాలి. కరపత్రాలు వేయిస్తే బస్టాండు దాటి పోలేదు. అప్పుడు వచ్చింది పత్రిక ఆలోచన. చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల ఆడవాళ్లే ‘నవోదయం’ అని పత్రిక నడిపారు. అది మన పత్రిక, మన పాఠకులు. మాకు కావలసింది వేరే. 1969లో మొదలైన ‘అన్నదాత’ లాంటి పత్రికలకు ఏళ్ల తరబడి చదివేవాళ్లు ఉన్నారు. అట్లాంటి వాళ్ల ముందుకు ఒక్కసారి పోవాలనుకున్నాం.

మొదటి సంవత్సరం రాసిన వ్యాసం తిరిగి వచ్చింది. ఎందుకో ఇప్పుడు చదివితే మాకే తెలుస్తోంది. సంఘం ఎప్పుడు పెట్టాం, ఎంత లోన్ తీసుకున్నాం, ఎవరెవరు వచ్చి మెచ్చుకున్నారు, చివర్లో జాడీ ధర. చదివినామె తన ఇంట్లో చేసుకోడానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అది వ్యాసం కాదు, ప్రకటన. ప్రకటనకు పత్రికవాళ్లు డబ్బులు తీసుకుంటారు, ఊరికే ఎందుకు వేస్తారు? పైగా మేం పంపింది సెప్టెంబరులో. మాసపత్రికలో పేజీలు నెల, రెండు నెలల ముందే నిండిపోతాయి. వేసుకున్నా సంక్రాంతికి వచ్చేది, అప్పటికి కాయ చవకగా దొరికే రోజులు అయిపోవస్తాయి.

రెండో సంవత్సరం ముందు ఆ పత్రికవే పాత సంచికలు ఆరు తెచ్చి కూర్చుని చదివాం. నిమ్మ తోట మీద, తెగుళ్ల మీద వ్యాసాలు ఉన్నాయి. ఆ విషయం పెట్లూరు, తిరుపతి పరిశోధనా స్థానాలవాళ్లు మాకంటే బాగా చెప్పగలరు. ఊరగాయ పెట్టే పద్ధతి కూడా ఒకసారి వచ్చింది. రానిది ఒకటే: పెట్టిన ఊరగాయకు బూజు ఎందుకు పడుతుంది? అది మాకు తెలుసు, ఎందుకంటే మొదట్లో మేమే జాడీలకు జాడీలు పారబోసుకున్నాం. సరే, ఇదే రాద్దామనుకున్నాం.

జూన్‌లో సంపాదకుడికి ఒక్క పేజీ ఉత్తరం పెట్టాం. విషయం ఏంటి, చదివినవాళ్లకు ఏం పనికొస్తుంది, మాకు ఎట్లా తెలుసు, ఎన్ని పేజీలు వస్తుంది, ఏ నెలలో వస్తే మేలు, ఇంకో పత్రికకు పంపలేదు అనే మాట. అంతే. మూడు వారాలకు రాసి పంపమన్నారు.

వ్యాసంలో పని క్రమం పెట్టాం. కాయ కడిగి గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా పోయేదాకా నీడలో ఆరనివ్వాలి. కిలో కాయకు పావు కిలో ఉప్పు, పసుపు. ముక్కలు ఊరిన రసంలో మునిగే ఉండాలి, రోజూ కలపాలి, తొక్క మెత్తబడ్డాకే కారం, మెంతిపిండి. నిమ్మకాయ పులుపు కదా, చెడిపోదులే అనుకుంటారు. పులుపు ఒక్కటే బూజును ఆపదు. ఉప్పు తగ్గినా, తడి గరిటె పెట్టినా, రసం పైకి ముక్క తేలినా అక్కడ తెల్లగా మొదలవుతుంది. బూజు పడిన జాడీ ఫొటో కూడా పంపాం. పరువు పోతుందని మాలో కొందరు వద్దన్నారు. కానీ చదివేవాళ్లకు గుర్తుపట్టడానికి కావలసింది అదే. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి అచ్చుకు పనికిరాలేదు, మళ్లీ మెయిల్‌లో పంపాల్సి వచ్చింది.

ఇక్కడే పెద్ద గండం తప్పింది. మేం చేత్తో రాసి ఫొటో తీసి పంపాం. ఉప్పు ‘250 గ్రా.’ అని రాసినచోట సున్నా అక్షరాల్లో కలిసిపోయింది. అచ్చుకు పోయే ముందు ఒకసారి చూపించమని అడిగినందుకు పేజీ పంపారు. చూస్తే ‘25 గ్రా.’ అని ఉంది! కిలో కాయకు 25 గ్రాముల ఉప్పంటే కూరకు వేసినట్టే. ఆ లెక్కన పెట్టిన ప్రతి ఇంట్లోనూ బూజు పట్టేది, కింద మన సమాఖ్య పేరు ఉండేది. వెంటనే ఫోన్ చేసి సరిచేయించాం. తప్పు వాళ్లది కాదు, మన రాతది. అప్పటి నుంచి కొలత ఏదైనా అంకెల్లో, అక్షరాల్లో రెండూ రాస్తున్నాం: 250 గ్రాములు, అంటే పావు కిలో. అట్లాగే మన యార్డులో బస్తా లెక్క చెప్తే మనకు తెలుస్తుంది, ఆదిలాబాద్‌లో చదివే ఆమెకు తెలియదు. అన్నీ కిలోల్లోకి మార్చాం.

వాళ్లు మా వ్యాసంలో మూడో వంతు తీసేశారు. సంఘం కథంతా పోయింది. మొదట బాధపడ్డాం. కానీ చివరి రెండు లైన్లు ఉంచారు: రాసింది ఎవరు, ఏ ఊరు, ఫోన్ నంబరు. మనకు కావలసింది ఆ రెండు లైన్లే. నంబరు ఎవరి సొంతదీ ఇవ్వలేదు, సమాఖ్య ఆఫీసు ఫోన్ ఇచ్చాం. వేళకాని వేళ పనికిమాలిన కాల్స్ వస్తే ఒక్క ఆడమనిషి మీద పడకూడదు కదా.

సంచిక వచ్చాక నోటు పుస్తకం ఒకటి పెట్టాం. తేదీ, ఊరు, ఏం అడిగారు, ఏం చెప్పాం అని నాలుగు గళ్లు. ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది ఏమీ కొనలేదు, సందేహాలు అడిగారు. ‘రాతి ఉప్పా, మెత్త ఉప్పా?’ ‘ప్లాస్టిక్ డబ్బాలో పెట్టొచ్చా?’ విసుక్కోకుండా చెప్పాం. కొన్నవాళ్లు తక్కువే. అయితే వాళ్లలో కొందరు రెండోసారి, మూడోసారి అడిగారు. కరపత్రం చూసి మళ్లీ వచ్చినవాళ్లు మాకు గుర్తులేరు. మూడు నెలలకు ఫోన్లు ఆగిపోయాయి, అదీ చెప్పాలి. ఒక వ్యాసంతో ఏడాదంతా అమ్ముకోలేం.

కానీ ఆ నోటు పుస్తకంలో వచ్చే వ్యాసం ఉంది. ఎక్కువమంది అడిగింది ఒకటే: తొక్క చేదు ఎందుకు వస్తుంది? ఈ ఏడు దాని మీద రాద్దాం. ముందుగా మన గ్రామ సంఘాల్లో పెద్దవాళ్లు ఏం చేస్తారో అడిగి, నాలుగు జాడీలు నాలుగు రకాలుగా పెట్టి చూసి, తేలిందే రాద్దాం. ఉత్తరం జూన్‌లోపు పోవాలి. ఆ మేరకు తీర్మానం ఈ సభ ముందు పెడుతున్నాం. రాతకు ముగ్గురు, చదివి కొలతలు సరిచూడటానికి ఇద్దరు కావాలి. పేర్లు ఇవ్వండి.

సెలవు.