పల్లెవెలుగుకి ఎంత, ఎక్స్‌ప్రెస్‌కి ఎంత? వేంపల్లె బస్టాండు నుంచి ఒక టికెట్ లెక్క

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, ఆర్టీసీ చార్జీలు పెంచితే అందరికీ ఒకేలా పెంచొచ్చు కదా, పల్లెవెలుగుకి ఒక లెక్క, ఎక్స్‌ప్రెస్‌కి ఒక లెక్క ఎందుకు?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. కొంచెం లెక్క ఉంటుంది, కూడిక తీసివేత వస్తే చాలు.

వేంపల్లె బస్టాండులో కడపకి పోవాలని నిలబడ్డారు అనుకోండి. పల్లెవెలుగు వస్తుంది, ఎక్స్‌ప్రెస్ వస్తుంది. రెండూ ఒకే సంస్థవి, పోయేది ఒకే ఊరికి. ఒకటి చేయెత్తిన ప్రతిచోటా ఆగుతుంది, ఇంకోటి ఆగదు. ఒకదాని రేటు పెరిగితే కొంతమంది రెండోదాంట్లో ఎక్కుతారు. అంటే ఇవి రెండు వేర్వేరు సరుకులు కావు, ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

రెండో సంగతి. ఈ రేట్లు ఆర్టీసీ తనకు తోచినట్టు పెట్టుకోలేదు. మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద చార్జీల మీద ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. 2019 డిసెంబరులో పల్లెవెలుగుకి కిలోమీటరుకి 10 పైసలు, ఎక్స్‌ప్రెస్‌కి 20 పైసలు పెంచారు. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ అని పల్లెవెలుగు టికెట్ మీద 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ మీద 5 రూపాయలు వేశారు. రెండుసార్లూ ఎక్స్‌ప్రెస్ మీదే ఎక్కువ పడింది. ఇది న్యాయంగానే కనిపిస్తుంది కదా? ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడి దగ్గర నాలుగు రూపాయలు ఉంటాయిలే అని. కానీ ఈ దారిలో ఎంతదూరం పోవచ్చు అనేది చూడాలి.

అసలు సమస్య ఏందంటే, ఒక ప్రయాణికుడు అదనంగా ఎక్కితే సంస్థకి అయ్యే ఖర్చు ఒకటి ఉంటుంది. డీజిల్, టైర్లు, జనం పెరిగితే వేయాల్సిన అదనపు ట్రిప్పు. ఇంటర్ ఎకనామిక్స్ పుస్తకంలో దీన్ని ఉపాంత వ్యయం అంటారు. టికెట్టు సరిగ్గా అంతే పెడితే సమాజానికి మేలు. కానీ అలా పెడితే డిపో, గ్యారేజీ, ఆఫీసు, ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా అయ్యే ఖర్చంతా ఎవరు కడతారు? అందుకే టికెట్టు ఆ వ్యయం కంటే పైన పెట్టక తప్పదు. పైన పెట్టిన ప్రతిసారీ ఒక నష్టం జరుగుతుంది. ఖర్చు 24 రూపాయలు, టికెట్టు 30 అనుకోండి. 27 దాకా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మనిషి బస్సు ఎక్కడు. ఎక్కి ఉంటే 3 రూపాయల మేలు జరిగేది, అది ఆయనకీ రాలేదు, సంస్థకీ రాలేదు. గాలికి పోయింది. దీన్నే సంక్షేమ నష్టం అంటారు. సంస్థ నష్టపోకుండా, ఈ గాలికి పోయేది వీలైనంత తక్కువగా ఉండాలంటే రెండు టికెట్లూ ఎంతెంత ఉండాలి? ఇదీ ప్రశ్న.

దీనికి పునాది వేసింది ఫ్రాంక్ రామ్సే అని కేంబ్రిడ్జి కుర్రోడు. 1927లో పన్నుల గురించి ఒక వ్యాసం రాశాడు, 26 ఏళ్లకే చనిపోయాడు. అదే ఆలోచనని 1956లో ఫ్రాన్స్ ప్రభుత్వ కరెంటు సంస్థలో పనిచేసే మార్సెల్ బాటో అనే ఆర్థికవేత్త, ఖర్చు రాబట్టుకోవాల్సిన ప్రభుత్వ సంస్థల రేట్లకి వర్తింపజేశాడు. తర్వాత ఆ సంస్థకే పెద్ద అయ్యాడు.

ఇప్పుడు లెక్క. ఇవి నేను ఊహించిన అంకెలు, ఆర్టీసీవి కావు. ఒక రూట్లో ఒక రోజు తీసుకుందాం. పల్లెవెలుగులో ఒక మనిషికి ఖర్చు 24 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 27. టికెట్లు సరిగ్గా అంతే పెడితే పల్లెవెలుగులో 1000 మంది, ఎక్స్‌ప్రెస్‌లో 600 మంది ఎక్కుతారు. రోజుకి రాబట్టాల్సిన స్థిర ఖర్చు 9,720 రూపాయలు.

పల్లెవెలుగు ఒక రూపాయి పెంచితే 30 మంది దిగిపోతారు. అందులో 10 మంది ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు, మిగతా 20 మంది షేర్ ఆటోకో, బైకుకో పోతారు, లేదా ప్రయాణమే మానుకుంటారు. ఎక్స్‌ప్రెస్ ఒక రూపాయి పెంచితే 15 మంది దిగుతారు, అందులో 10 మంది పల్లెవెలుగులోకి వస్తారు, 5 మందే బయటికి పోతారు. ఖర్చు పైన వేసేదాన్ని పల్లెవెలుగుకి m1, ఎక్స్‌ప్రెస్‌కి m2 అనుకుంటే:

```
q1 = 1000 - 30*m1 + 10*m2
q2 =  600 + 10*m1 - 15*m2
```

మొదట మనసుకి తట్టేది చేద్దాం. పేదోళ్ల బస్సు ముట్టుకోవద్దు, మొత్తం ఎక్స్‌ప్రెస్ మీదే వేద్దాం. m1 సున్నా. ఎక్స్‌ప్రెస్ మీద 20 రూపాయలు వేస్తే 300 మంది మిగులుతారు, వచ్చేది 6,000. ఇంకా పెంచితే జనం ఇంకా దిగిపోయి వచ్చేది తగ్గుతుంది. 6,000 కంటే ఎక్కువ ఎలా చేసినా రాదు. మనకు కావాల్సింది 9,720. ఇక్కడ మంచి మనసు చాల్లేదు, లెక్కే కుదర్లేదు.

సరే, పల్లెవెలుగు మీద 4 రూపాయలు వేద్దాం, మిగతాది ఎక్స్‌ప్రెస్ మీద. అప్పుడు ఎక్స్‌ప్రెస్ మీద దాదాపు 12 రూపాయల 64 పైసలు వేయాలి. ఖర్చు రాబట్టుకున్నాం. కానీ బస్సుల్లోకి చూడండి. పల్లెవెలుగులో 1006 మంది, మొదట ఉన్న 1000 కంటే ఎక్కువ! ఎక్స్‌ప్రెస్‌లో 600 కాస్తా 450 అయ్యారు. ఒకదాంట్లో ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే, ఇంకోదాంట్లో కిటికీ సీట్లు ఖాళీ. గాలికి పోయే నష్టం రోజుకి సుమారు 933 రూపాయలు.

ఇప్పుడు రామ్సే చెప్పినట్టు చేద్దాం. పల్లెవెలుగు మీద 6, ఎక్స్‌ప్రెస్ మీద 8. టికెట్లు 30, 35. పల్లెవెలుగులో 900 మంది, ఎక్స్‌ప్రెస్‌లో 540 మంది. 900 ఆర్లు 5,400, 540 ఎనిమిదులు 4,320. మొత్తం 9,720, సరిగ్గా సరిపోయింది. నష్టం 540 రూపాయలే. ఒక సంగతి గమనించారా? రెండు బస్సుల్లోనూ జనం 10 శాతమే తగ్గారు. రామ్సే సూత్రం అదే. రేట్లు ఒకే శాతం పెరగాలని కాదు, ప్రయాణికులు ఒకే శాతం తగ్గాలని.

ఎందుకలా? ఒక్క రూపాయి అటూ ఇటూ జరిపి చూస్తే అర్థమవుతుంది. ఈ స్థితిలో పల్లెవెలుగు ఇంకో రూపాయి పెంచితే ప్రయాణికుల జేబుల్లోంచి 900 పోతుంది. సంస్థకి వచ్చేది మాత్రం 900 కాదు. 30 మంది దిగారు కాబట్టి తలా 6 చొప్పున 180 పోయింది, 10 మంది ఎక్స్‌ప్రెస్‌కి వచ్చారు కాబట్టి తలా 8 చొప్పున 80 వచ్చింది. నికరంగా 800. అంటే జనం దగ్గర 100 లాగితే సంస్థకి 89 చేరుతుంది. ఎక్స్‌ప్రెస్ ఒక రూపాయి పెంచితే జనం నుంచి 540, సంస్థకి 480. అదీ నూటికి 89. రెండు గొట్టాల్లోనూ లీకు సమానం, కాబట్టి ఇక జరపాల్సింది లేదు.

ఇందాకటి 4, 12.64 దగ్గర చూడండి. ఎక్స్‌ప్రెస్ గొట్టంలో జనం దగ్గర 100 లాగితే సంస్థకి 67 చేరుతుంది. పల్లెవెలుగు గొట్టంలో లీకు అసలే లేదు, 100కి 100 దాటే వస్తుంది, ఎందుకంటే దాంట్లోంచి దిగినోళ్లు ఎక్కువ మిగిలే ఎక్స్‌ప్రెస్‌లోకి పోతున్నారు. అలాంటప్పుడు లీకున్న గొట్టం నుంచే తోడుతూ కూర్చోవడం ఏం తెలివి?

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పుస్తకాల్లో సులువు సూత్రం ఒకటుంది, డిమాండు వ్యాకోచత్వం తక్కువున్న సరుకు మీద ఎక్కువ వేయి అని. రెండు సరుకులకీ సంబంధం లేనప్పుడు అది సరే. మన బస్సులకి అది చాలదు. ఎక్స్‌ప్రెస్ దిగిన 15 మందిలో 10 మంది మన పల్లెవెలుగులోనే ఉన్నారు, వాళ్లు టికెట్టు కొంటూనే ఉన్నారు. వాళ్లని పోయినోళ్ల కింద లెక్కేస్తే రేటు పెంపు అసలు కంటే ఎక్కువ హానిగా కనిపిస్తుంది.

ఒక చిన్న మాట కూడా నిజాయితీగా చెప్పాలి. రెండు బస్సుల మీదా ఒకేలా 6 రూపాయల 80 పైసలు వేసినా ఖర్చు వచ్చేస్తుంది, నష్టం 578 దాకా ఉంటుంది. 540కి 578కి పెద్ద తేడా లేదు. సరైన చోటుకి దగ్గర్లో ఉంటే కొంచెం తప్పినా పర్లేదు, దూరం పోతేనే దెబ్బ.

మరి నిజం బస్సుల్లో దగ్గర ఉన్నామో దూరం ఉన్నామో ఎలా తెలుస్తుంది? కండక్టరు చేతిలో మిషన్ ఉంది కదా, అందులో ప్రతి టికెట్టూ నమోదవుతుంది. రేటు పెరిగిన ముందు నెల, తర్వాత నెల, అదే రూటు, అదే గంటలు తీసుకోండి. రెండు రకాల బస్సుల్లో జనం ఎంత శాతం తగ్గారో చూడండి. ఒకటి 25 శాతం పడిపోయి ఇంకోటి పెరిగిందంటే భారం ఒకవైపు వాలింది. అయితే నెలలు చూసుకుని పోల్చాలి. శ్రావణ శనివారాలు గండి ఆంజనేయస్వామి దగ్గరికి జనం పోటెత్తుతారు, ఆ నెలని ఆషాఢంతో పోలిస్తే రేటు పెంచితే జనం పెరిగారనే విచిత్రం తేలుతుంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లల సెలవులూ అంతే.

సెస్ గురించి కూడా ఒక మాట. టికెట్టుకి ఇంతని వేస్తే కడప దాకా పోయేవాడికీ పక్కూరికి పోయేవాడికీ ఒకటే. పక్కూరికి పోయేవాడికి షేర్ ఆటో రెడీగా ఉంటుంది, రెండు రూపాయలకే దిగిపోతాడు. ఎవరు తొందరగా దిగిపోతారో వాళ్ల మీదే శాతం లెక్కలో ఎక్కువ పడుతుంది. రామ్సే చెప్పినదానికి ఇది సరిగ్గా తిరగేసి. నా మటుకు, కిలోమీటరు లెక్కన వేయడమే మేలు.

ఇంక ఈ సూత్రానికి ఉన్న అసలు లోటు. దీనికి మనిషి కనపడడు. కూలికి పోయే ఆమె రూపాయి, ఉద్యోగి రూపాయి దీనికి ఒకటే. వేరే దారి లేక పల్లెవెలుగు తప్ప ఎక్కలేని ఊళ్లో జనం దిగిపోరు కాబట్టి, వాళ్ల మీదే వేయమని కూడా చెబుతుంది. పేదవాడి రూపాయికి బరువు ఎక్కువ ఇచ్చి లెక్క మళ్లీ చేయొచ్చు, అప్పుడు 6 కాస్తా 5 కావచ్చు. ఆ బరువు ఎంతనేది లెక్క చెప్పదు, ప్రభుత్వం తేల్చాలి. కానీ ఎంత తగ్గిస్తే ఎక్స్‌ప్రెస్ మీద ఎంత పడుతుందో, ఏ దగ్గర లెక్క తెగిపోతుందో ఇది చెబుతుంది. మన ఉదాహరణలో పల్లెవెలుగు మీద 2 రూపాయలే వేస్తే ఎక్స్‌ప్రెస్‌ని ఎంత పెంచినా 9,720 రాదు, 8,700 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మిగతాది ఖజానా నుంచి రావాలి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద జరుగుతున్నది ఈ చివరి దారే. ఆడవాళ్లకి పల్లెవెలుగూ ఉచితం, ఎక్స్‌ప్రెసూ ఉచితం. టికెట్టు భారం ప్రభుత్వం మీదికి పోయింది. దాంతో ఆమె వరకు రెండు బస్సుల మధ్య రేటు తేడా కూడా పోయింది. రెండూ సున్నా అయినప్పుడు దూరం పోయే ఆమె తొందరగా పోయేదే ఎక్కుతుంది కదా. అంటే ఇకమీదట ఎక్స్‌ప్రెస్ రేటు పెంచితే సీటు కోసం ఎవరు ఉంటారు, ఎవరు దిగుతారు అనే లెక్క మగవాళ్లతో మాత్రమే కొత్తగా వేసుకోవాలి. పాత అంకెలు పనికిరావు.

మీ రూట్లో ఎక్స్‌ప్రెస్ దిగినోళ్లు ఎక్కడికి పోతున్నారు, పల్లెవెలుగులోకా, ఆటోలోకా? ఊరు పేరుతో సహా కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కరెంటు బిల్లు, పగటి యూనిట్, రాత్రి యూనిట్. ఉంటాను.