అద్దె పెంపు: పది శాతమా, ధరల సూచీయా?

మొన్న మా పక్కవాటా ఆవిడ అద్దె ఒప్పందం కాగితం పట్టుకుని వచ్చారు. "ఏటా పది శాతం పెంచుతాడటండీ ఇంటాయన. కాదంటే ధరల సూచీ ప్రకారం అంటున్నాడు. దేనికి ఒప్పుకోమంటారు?" అన్నారు.

ఈ సూచీ మనకు కొత్తదేమీ కాదు. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ అని కేంద్ర లేబర్ బ్యూరో నెలనెలా ప్రకటిస్తుంది. కేంద్ర ఉద్యోగుల కరువుభత్యం దీన్ని బట్టే పెరుగుతుంది.

కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాం. 2021 ఫిబ్రవరిలో అద్దె పదివేలనుకోండి. అప్పటికి చేతికందిన సూచీ 2020 డిసెంబరుది, 118.8. ఏడాది తర్వాత అది 125.4 అయింది. పదివేలను 125.4తో హెచ్చవేసి 118.8తో భాగిస్తే 10,556 వస్తుంది. 2024 డిసెంబరుకు సూచీ 143.7. అదే పద్ధతిలో 2025 ఫిబ్రవరి అద్దె 12,096 అవుతుంది. ఏటా అయిదు శాతమైతే 12,155, ఇంచుమించు అంతే! పది శాతమైతే మాత్రం 14,641. పెంచిన దాని మీదే మళ్లీ పది శాతం పడుతుంది మరి. నెలకు రెండున్నర వేలు తేడా అంటే పాలవాడి పద్దు వెళ్లిపోతుంది.

అయితే సూచీ ఎప్పుడూ ఇలా నెమ్మదిగా నడవదు. 2010 ప్రాంతంలో ఏడాదికి పది శాతానికి పైగానే పెరిగింది. అలాంటప్పుడు అద్దె కట్టే వాళ్లకు స్థిరమైన శాతమే నయం. అదీగాక వచ్చే ఏడు ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది.

లెక్కలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. 118.8 నుంచి 125.4కు 6.6 పెరిగింది కదా అని, అద్దె 6.6 శాతం పెంచేస్తారు. అవి పాయింట్లు, శాతం కాదు. భాగించి చూస్తే పెరిగింది అయిదున్నర శాతమే.

ఇంకొకటి. 2020లో సూచీకి ఆధార సంవత్సరాన్ని 2001 నుంచి 2016కు మార్చారు. 338 దాకా వచ్చిన అంకె, ఉన్నట్టుండి 118 దగ్గరకు దిగింది. ధరలేమీ తగ్గలేదు సుమండీ! కొత్త అంకెను 2.88తో హెచ్చవేస్తే పాత లెక్కకు సరిపోతుంది. అందుకే ఏ సూచీ, ఏ నెలది, ఆధారం మారితే ఎలా కలపాలి అన్నది కాగితంలోనే రాయించుకోవాలి.

చివరికి పక్కవాటా ఆవిడ సూచీకే ఒప్పుకున్నారు. కానీ "ఏ ఏడాదీ ఏడు శాతం మించరాదు" అన్న మాట కలిపించారు. ఇంటాయన కాస్త గొణిగి, "సరే, ధరలు తగ్గినా అద్దె తగ్గించనమ్మా" అని తన మాట కూడా రాయించి సంతకం పెట్టాడు.