దొరికిన వస్తువుల రిజిస్టరు

బడిలో నల్లా దగ్గర ఒక కాలి పట్టీ దొరికిందనుకుందాం. రిజిస్టరులో ఏం రాయాలి? దొరికిన తేదీ, చోటు, తెచ్చిచ్చినవారి పేరు. ఆ రోజే రాయాలి. నాలుగు రోజులు ఆగితే ఏది ఎప్పుడు దొరికిందో ఎవరికీ గుర్తుండదు.

ఇక వస్తువు గుర్తులు. అసలు జాగ్రత్త ఇక్కడే. ‘తెల్లని లోహపు పట్టీ, ఒకటే’ అని రాయండి. వెండి అని తేల్చకండి. తర్వాత అది వెండి కాదని తేలితే, మార్చేశారని మాట వస్తుంది. కొక్కేనికి ఎర్రదారం కట్టి ఉందా? ఆ గుర్తు రిజిస్టరులో రాయండి, నోటీసు బోర్డు మీద మాత్రం వద్దు. బోర్డు మీద ‘పట్టీ దొరికింది’ అంటే చాలు. రిజిస్టరు కూడా టీచరు దగ్గరే ఉండాలి.

అడగవచ్చిన పాపనే గుర్తు చెప్పమనండి. ఎర్రదారం మాట తనంతట తాను చెబితే నమ్మవచ్చు. మళ్లీ చెబుతున్నాను, గుర్తు మనం ముందుగా చెప్పకూడదు. ఇద్దరు అడిగితే రెండు పేర్లూ రాసి, తేలేదాకా ఆపండి.

విలువైనదైతే అమ్మనో నాన్ననో పిలిచి ఇవ్వండి. ఇచ్చిన తేదీ, తీసుకున్నవారి సంతకం అదే వరుసలో ఉండాలి. ఎవరూ రాలేదా? సంతకం గడిని ఖాళీగా వదలకండి, ‘బీరువాలో ఉంది’ అని రాయండి. దొరికిన వస్తువును దగ్గర ఉంచుకున్నవాళ్లు దాన్ని భద్రంగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది.