ఒక కార్డుకు ఒక్కటే జవాబు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం గుర్తుగా మన బడి పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం ఫ్లాష్‌కార్డులు అచ్చు వేయించి పంచుదామని సంఘం వాళ్ళు ఆలోచిస్తున్నారు. చాలా ఏళ్ళు జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పాను కాబట్టి ఆ కార్డులు ఎలా ఉండాలో నన్ను చెప్పమన్నారు. ఊరికే చెబితే గాలిలో మాటలవుతాయి. పిల్లలు ఎక్కువగా తడబడే శ్వాసక్రియ పాఠాన్నే తీసుకుంటాను. అందులోనూ ముక్కు, ఊపిరితిత్తుల సంగతి వదిలేసి, కణం లోపల గ్లూకోజ్ విడిపోయి శక్తి వచ్చే భాగం ఒక్కటే చూద్దాం.

ముందుగా ఒక మాట. మన చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో పాఠం అప్పజెప్పించుకునే వాళ్ళు ఉండరు. అమ్మానాన్నలు చేనికి పోతారు. రాత్రిపూట ఆ పిల్ల తను చెప్పింది తప్పో ఒప్పో తనే తేల్చుకోవాలి. లేదంటే ఐదో తరగతి చదివే చెల్లెలి చేత కార్డు పట్టించుకోవాలి. ఆ చెల్లెలికి జీవశాస్త్రం రాదు గానీ అక్షరాలు చదవడం వచ్చు. కార్డు వెనక ఒక్క మాట ఉంటే, అక్క చెప్పింది అదో కాదో చెల్లెలు చెప్పగలదు. నాలుగు వాక్యాలుంటే చెప్పలేదు. అందుకే కార్డుకు ఒక్కటే విషయం అంటాను.

ఇప్పుడు పని చూద్దాం. పాఠంలో ఇలాంటి పేరా ఒకటి ఉందనుకోండి: "గ్లైకాలసిస్ కణద్రవ్యంలో జరుగుతుంది. దీనికి ఆక్సిజన్ అవసరం లేదు. ఆరు కార్బన్లున్న ఒక గ్లూకోజ్ అణువు నుంచి మూడు కార్బన్లున్న రెండు పైరూవిక్ ఆమ్లం అణువులు ఏర్పడతాయి. ఇందులో రెండు ఏటీపీలు ఖర్చయి, నాలుగు తయారవుతాయి."

పిల్లలు మామూలుగా చేసే కార్డు ఇలా ఉంటుంది. ముందు వైపు "గ్లైకాలసిస్ గురించి వ్రాయుము", వెనక వైపు ఈ పేరా మొత్తం. ఆ కార్డుతో వచ్చే చిక్కు చూడండి. పిల్లకు కణద్రవ్యం గుర్తుంది, పైరూవిక్ ఆమ్లం గుర్తుంది, ఏటీపీల లెక్క మాత్రం పోయింది. ఇప్పుడు ఈ కార్డు వచ్చినట్టా, రానట్టా? వచ్చిందని పక్కన పెడితే ఏటీపీల లెక్క ఎప్పటికీ రాదు. రాలేదని మళ్ళీ చదివితే, వచ్చిన మూడు విషయాల మీద రోజూ టైము పోతుంది. చెనక్కాయలు విత్తనానికి ఏరేటప్పుడు కాయ చూసి పుచ్చు చెప్పలేం కదా! ఒలిచి గింజ గింజా చూడాల్సిందే. ఈ పేరా కూడా అంతే. ఒలిస్తే ఇన్ని గింజలొస్తాయి:

గ్లైకాలసిస్ కణంలో ఏ భాగంలో జరుగుతుంది? — కణద్రవ్యంలో.
గ్లైకాలసిస్ ఏ చక్కెరతో మొదలవుతుంది? — గ్లూకోజ్.
గ్లైకాలసిస్ చివర ఏర్పడే ఆమ్లం ఏది? — పైరూవిక్ ఆమ్లం.
ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఎన్ని పైరూవిక్ ఆమ్లం అణువులు వస్తాయి? — రెండు.
ఒక పైరూవిక్ ఆమ్లం అణువులో కార్బన్లు ఎన్ని? — మూడు.
ఒక గ్లూకోజ్‌కు గ్లైకాలసిస్‌లో ఖర్చయ్యే ఏటీపీలు ఎన్ని? — రెండు.
అందులో తయారయ్యే మొత్తం ఏటీపీలు ఎన్ని? — నాలుగు.
ఖర్చు పోను మిగిలే ఏటీపీలు ఎన్ని? — నాలుగులో రెండు పోతే రెండు.

ఎనిమిది కార్డులయ్యాయి. చివరి కార్డులో "రెండు" అని మాత్రమే రాయకుండా లెక్క కూడా రాశాను. ఎందుకంటే ఈ కట్టలో "రెండు" అనే జవాబు మూడు చోట్ల ఉంది. ఏ కార్డు ఎత్తినా "రెండు" అనేసే పిల్లలుంటారు. కార్డులను ప్రతిసారీ కలిపి, "నాలుగులో రెండు పోతే" అని నోటితో చెప్పించాలి.

ఆక్సిజన్ సంగతి ఇంకా మిగిలింది. "గ్లైకాలసిస్‌కు ఆక్సిజన్ అవసరమా?" అని రాస్తే జవాబు అవును, కాదు అనే రెండింట్లో ఒకటి. ఏమీ చదవని వాడికి కూడా సగం సార్లు ఒప్పొస్తుంది. ప్రశ్నను తిప్పి రాయాలి: "గ్లూకోజ్ విచ్ఛిన్నంలో ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా జరిగే దశ పేరేమిటి?" జవాబు గ్లైకాలసిస్. ఇది ఊహించి చెప్పేది కాదు. ఇది తొమ్మిదో కార్డు.

రెండో చిక్కు, ఒకే ప్రశ్నకు రెండు సరైన జవాబులుండటం. "అవాయు శ్వాసక్రియలో ఏమి ఏర్పడుతుంది?" అనే కార్డు నేను ఎన్నో కట్టల్లో చూశాను. ఈస్ట్‌లోనైతే ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. మన కండరంలోనైతే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. ఒక పిల్ల లాక్టిక్ ఆమ్లం అంటుంది, కార్డు వెనక ఇథనాల్ అని ఉంటుంది. సరిగా చెప్పిన పిల్లే తప్పు చెప్పానని బాధపడుతుంది. కాబట్టి ఎక్కడ అన్నది ప్రశ్నలోనే ఉండాలి. "ఆక్సిజన్ లేనప్పుడు ఈస్ట్‌లో ఏర్పడే ఆల్కహాల్ ఏది?" ఒక కార్డు. "అప్పుడు ఈస్ట్ వదిలే వాయువు ఏది?" ఇంకో కార్డు. "ఆక్సిజన్ చాలనప్పుడు మన కండరంలో ఏర్పడే ఆమ్లం ఏది?" మరో కార్డు. వీటితో పాటు నేను తప్పక రాయించే కార్డు ఇంకొకటుంది: "కండరంలో పైరూవిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారేటప్పుడు ఎన్ని కార్బన్ డయాక్సైడ్ అణువులు వెలువడతాయి?" జవాబు సున్నా. పైరూవిక్ ఆమ్లంలో మూడు కార్బన్లు, లాక్టిక్ ఆమ్లంలోనూ మూడే. ఇథనాల్‌లో మాత్రం రెండే, మిగిలిన ఒక కార్బన్ వాయువుగా పోయింది. ఈ ఒక్క కార్డు వచ్చిన పిల్ల ఈస్ట్‌నూ కండరాన్నీ మళ్ళీ కలగలపదు.

మూడో చిక్కు, జవాబును ప్రశ్నే చెప్పేయడం. దీనికి మన తెలుగువాళ్ళు గర్వపడే ఉదాహరణే ఉంది. ఏటీపీని 1929లో అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా కనుగొన్నాడు. "ఏటీపీని కనుగొన్నది ఎవరు?" అని రాస్తే ముగ్గురి పేర్లూ ఒప్పే, కాబట్టి అది చెడ్డ కార్డు. "ఏటీపీని కనుగొన్న తెలుగు శాస్త్రవేత్త ఎవరు?" అని రాస్తే పాఠం చదవకపోయినా చెప్పేస్తారు, ఎందుకంటే ఆ కట్టలో తెలుగు పేరు ఒక్కటే. "1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఏటీపీని కనుగొన్నది ఎవరు?" అని రాస్తే జవాబు ఒక్కటే ఉంటుంది, దాన్ని గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. లోమన్‌కు, సంవత్సరానికి వేరు వేరు కార్డులు.

ఇంకొక జాగ్రత్త అంకెల గురించి. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు? పాత పుస్తకాల్లో కొన్నింట 38 అని, కొన్నింట 36 అని ఉంటుంది. ఇప్పటి జీవరసాయన గ్రంథాలు 30 నుంచి 32 అంటున్నాయి. అక్క పుస్తకంలో ఒక అంకె, ట్యూషన్ నోట్సులో ఒక అంకె చూసి పిల్లలు బెదిరిపోతారు. ఇలాంటి కార్డుకు ప్రశ్న మొదట్లోనే "మన పాఠ్యపుస్తకం లెక్క ప్రకారం" అని రాయాలి. అప్పుడు ఆ కార్డుకు జవాబు ఒక్కటే అవుతుంది.

కార్డులు తయారయ్యాక వాటిని తిప్పే పద్ధతి తేలిక. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు 1972లో రాసిన పుస్తకంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. చెప్పుల డబ్బా ఒకటి తీసుకుని అట్టముక్కలతో మూడు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి చూడాలి. కొత్త కార్డు మొదటి అరలో పడుతుంది. ఒప్పు చెబితే ముందు అరకు పోతుంది. తప్పు చెబితే ఏ అరలో ఉన్నా మొదటికి వస్తుంది. కార్డులో నాలుగు విషయాలుంటే దాన్ని ఏ అరలో వేయాలో ఎవరికీ తెలియదు. ఒకే కార్డు నాలుగైదు సార్లు మొదటి అరకే తిరిగి వస్తుంటే, పిల్లను తిట్టకండి, కార్డును చూడండి. అందులో రెండు విషయాలు ఇరుక్కుని ఉంటాయి, లేదా ప్రశ్న అర్థం కాకుండా ఉంటుంది. దాన్ని చించేసి రెండుగా రాయాలి.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. గింజలన్నీ ఏరినంత మాత్రాన చెట్టు ఎలా ఉంటుందో తెలియదు. తొమ్మిది కార్డులూ వచ్చిన పిల్లకు గ్లూకోజ్ కణద్రవ్యం నుంచి మైటోకాండ్రియా దాకా ఏ దారిన పోతుందో ఒక్కసారిగా చెప్పడం రాకపోవచ్చు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అడిగేది దాన్నే. అందుకని వారానికోసారి కార్డులన్నీ పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద గ్లూకోజ్ అని రాసి, అక్కడి నుంచి ఆక్సిజన్ ఉన్న దారి, లేని దారి బాణాలతో గీయమనాలి. గీత ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక కార్డు తక్కువైందన్నమాట. అప్పుడు ఆ కార్డు రాసుకోవాలి.

ఇక సంఘానికి నా విన్నపం. అచ్చు వేసిన కార్డులు పంచవద్దు. పేరాను ఒలిచి, ఏది ఒక విషయమో, ప్రశ్న ఎలా అడిగితే ఒక్క జవాబు వస్తుందో పిల్ల ఆలోచించినప్పుడే సగం పాఠం వస్తుంది. ఆ పని మనం చేసిపెడితే వాళ్ళకు మిగిలేది బట్టీ. ఆ డబ్బుతో మందపాటి తెల్ల చార్టు కాగితం కొనండి. పలచటి కాగితం వద్దు, వెనక రాసిన జవాబు ముందుకు కనబడుతుంది. ఏ4 సైజు ముక్కను మూడుసార్లు మడిచి కత్తిరిస్తే ఎనిమిది కార్డులొస్తాయి. పిల్లకు రెండు వందల ఖాళీ కార్డులు, మూడు అరల డబ్బా ఒకటి ఇవ్వండి. వాటితో పాటు నమూనాకు ఈ గ్లైకాలసిస్ తొమ్మిది కార్డులు చాలు. సైన్సు మాష్టార్లు మొదటి వారం పిల్లలు రాసిన కార్డులను తెప్పించుకుని చూసి, రెండు జవాబులొచ్చే ప్రశ్నల మీద ఎర్ర గీత పెడితే మిగతాది పిల్లలే చూసుకుంటారు.