డిపాజిట్ వడ్డీపై పన్ను కోత - మనం ఇచ్చే డిక్లరేషన్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఏప్రిల్ నెలలో మనలో చాలామంది బ్యాంకుకు వెళ్ళి ఒక కాగితం మీద సంతకం చేసి వస్తాం. దాన్నే 15-హెచ్ ఫారం అన్నాం. కౌంటరు దగ్గర గుమాస్తా ఇచ్చిన కాగితం మీద ఆయన చూపించిన చోట సంతకం పెట్టేసి, "ఇక మన వడ్డీలో పన్ను కొయ్యరు" అనుకుని ఇంటికి వచ్చేస్తాం. ఆ కాగితం "నా వడ్డీలో పన్ను కొయ్యవద్దు" అని మనం పెట్టుకునే అర్జీ కాదు. "ఈ సంవత్సరం నా మొత్తం ఆదాయం లెక్క వేసుకున్నాను, దానిమీద నేను కట్టవలసిన పన్ను సున్న" అని మనం చేసే ప్రమాణం. ఆ ఒక్క తేడా తెలియక కొందరు ఇవ్వవలసినవారు ఇవ్వకపోవడం, ఇవ్వకూడనివారు ఇవ్వడం జరుగుతున్నది. అందుచేత ఈ ఒక్క విషయమే వివరంగా మనవి చేస్తాను. నేను చెప్పే అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానికి చెందినవి.

ముందుగా బ్యాంకు ఎప్పుడు కోస్తుందో చూద్దాం. అరవై ఏళ్ళు నిండినవారికి ఒక బ్యాంకులో సంవత్సరం మొత్తం వచ్చే డిపాజిట్ వడ్డీ లక్ష రూపాయలు దాటితే, బ్యాంకు నూటికి పది చొప్పున పన్ను కోసి ప్రభుత్వానికి జమ కడుతుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి యాభై వేలే. లక్ష దాటితే, దాటిన భాగం మీదనే కాదు, మొత్తం వడ్డీ మీద కోత పడుతుంది. ఒకే బ్యాంకుకు చెందిన రెండు మూడు బ్రాంచీలలో డిపాజిట్లుంటే అన్నీ కలిపే లెక్క చూస్తారు. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత నూటికి ఇరవై అవుతుంది, మనమిచ్చిన డిక్లరేషన్ కూడా చెల్లదు.

మరొక సంగతి. గడువు తీరాక అసలుతో కలిపి వడ్డీ తీసుకునే డిపాజిట్ వేసినవారు "నా చేతికి పైసా రాలేదు కదా, పన్నేమిటి?" అని అడుగుతుంటారు. చేతికి రాకపోయినా, ఆ సంవత్సరం పేరుకున్న వడ్డీని బ్యాంకు మన ఖాతాలో లెక్క కడుతుంది. కోత కూడా అప్పుడే పడుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరులో ఉంటున్న 68 ఏళ్ళ రిటైర్డు మాష్టారు ఒకరు ఉన్నారనుకోండి. పెన్షను నెలకు 32,000 చొప్పున సంవత్సరానికి 3,84,000. ఒక బ్యాంకులో 18 లక్షల డిపాజిట్, ఏడున్నర శాతం వడ్డీ, అంటే 1,35,000. రెండవ బ్యాంకులో 9 లక్షలు, ఏడు శాతం, అంటే 63,000. మూడూ కలిపితే 5,82,000. పెన్షనులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసివేస్తే మిగిలేది 5,07,000. కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల వరకు పన్ను లేదు. మిగిలిన 1,07,000 మీద అయిదు శాతం, అంటే 5,350 రూపాయలు. అయితే మొత్తం ఆదాయం పన్నెండు లక్షలు మించనివారికి ఈ పన్ను రిబేటుగా పూర్తిగా మాఫీ అవుతుంది. కనుక మాష్టారు కట్టవలసింది సున్న. ఆయన నిశ్చింతగా డిక్లరేషన్ ఇవ్వవచ్చును. రిబేటు తరువాత పన్ను సున్న అయినా ఈ ఫారం చెల్లుతుంది.

ఇవ్వకపోతే ఏమవుతుంది? మొదటి బ్యాంకు 13,500 కోస్తుంది. రెండవ బ్యాంకులో వడ్డీ లక్ష లోపే కనుక కోత లేదు, అక్కడ ఫారం అవసరమూ లేదు. కాని, ఆ 63,000 ఉన్నదన్న సంగతి మొదటి బ్యాంకులో ఇచ్చే ఫారంలో దాచకూడదు. ఆ ఫారంలో రెండు అంకెలు వేరువేరుగా అడుగుతారు. ఒకటి, ఈ బ్యాంకు నుంచి రాబోయే వడ్డీ. అక్కడ 1,35,000 వ్రాయాలి. రెండవది, మీ మొత్తం ఆదాయం. అక్కడ పెన్షను, రెండు బ్యాంకుల వడ్డీ, అన్నీ కలిపి తగ్గింపులు పోగా వచ్చిన 5,07,000 వ్రాయాలి. ఈ రెండవ గడిలో కూడా 1,35,000 వ్రాసి వచ్చేవారే ఎక్కువ. పొరపాటంతా అక్కడే.

ఇక రెండవ ఉదాహరణ. పెన్షను నెలకు 75,000 వచ్చే ఒక అధికారి ఉన్నారు. సంవత్సరానికి తొమ్మిది లక్షలు. వివిధ బ్యాంకుల వడ్డీ నాలుగున్నర లక్షలు. 75,000 తీసివేసినా 12,75,000 మిగులుతుంది. పన్నెండు లక్షలు దాటింది కనుక మాఫీ లేదు, పన్ను డెబ్బయి వేలు దాటుతుంది. "ఈ బ్యాంకులో వచ్చేది లక్షన్నరే కదా" అని ఆయన ఫారం ఇస్తే అది అబద్ధపు ప్రకటన అవుతుంది. వడ్డీల వివరాలన్నీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు చేరుతూనే ఉంటాయి. తెలిసి అబద్ధం వ్రాస్తే చట్టంలో జైలుశిక్ష వరకు ఉన్నది. కోత పడితే ఆయనకు నష్టమేమీ లేదు. కట్టవలసిన పన్నులో అది ముందుగా జమ అయినట్లే.

చివరగా, కాగితం ఇచ్చాక చూసుకోవలసిన విషయాలు. డిక్లరేషన్ ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే పనిచేస్తుంది. పోయిన ఏడాది ఇచ్చాం కదా అని ఊరుకుంటే కుదరదు. ఏ బ్యాంకుకు ఆ బ్యాంకులోనే ఇవ్వాలి. ఏప్రిల్‌లో ఫారం ఇచ్చి, ఆగస్టులో కొత్త డిపాజిట్ వేస్తే, దాని వడ్డీ పాత ఫారంలో ఉండదు. దానికి మళ్ళీ ఇవ్వాలి. జాయింటు డిపాజిట్ అయితే మొదటి పేరు ఎవరిదో వారే ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ బ్యాంకు ముద్ర వేసిన రసీదు తప్పక తీసుకోండి. మూడు నెలలకొకసారి వడ్డీ తీసుకునేవారు జూన్ నెలాఖరున పాసుబుక్కు చూసుకోవాలి. రావలసిన వడ్డీలో పదోవంతు తగ్గి జమ అయిందంటే ఫారం కంప్యూటరులో ఎక్కలేదని అర్థం. వెంటనే రసీదు చూపిస్తే అక్కడి నుంచి కోత ఆగుతుంది. అంతవరకు ప్రభుత్వానికి కట్టేసిన సొమ్మును మాత్రం బ్యాంకు తిరిగి ఇవ్వలేదు. ఆ సొమ్ము 26 ఎ.ఎస్. పట్టికలో మన పేర కనిపిస్తుంది, రిటర్ను దాఖలు చేసి వాపసు తెచ్చుకోవాలి.

1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. కనుక ఇంట్లో దాచుకున్న పాత జిరాక్సు ఫారాలు నింపి ఇవ్వవద్దు. ఆ సంవత్సరానికి బ్యాంకు ఏ డిక్లరేషన్ ఫారం ఇస్తే అదే నింపండి, ఆ ఏటి పరిమితులు అడిగి తెలుసుకోండి.

బ్యాంకుకు బయలుదేరే ముందు ఇంట్లో ఒక కాగితం మీద పెన్షను, అన్ని బ్యాంకుల వడ్డీ, తగ్గింపులు వరుసగా వేసుకుని కూడండి. పన్ను సున్న అని తేలితేనే సంతకం పెట్టండి. ఆ లెక్క కాగితాన్ని రసీదుతో పాటు భద్రపరచండి. మీ ఇంట్లోవారికి కూడా అది ఎక్కడున్నదో చెప్పి ఉంచండి.