ఇటుక కొనే ముందు చూడాల్సినవి: మంటతో గట్టిపడేది ఒకటి, నీళ్లతో గట్టిపడేవి రెండు

పోయిన శుక్రవారం మన కూటంలో ఇటుకల గురించి నేను మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పంపుతున్న.

మనలో చాలా మంది ఇక్కడ కువైట్‌లో పని చేసుకుంట ఊర్లో ఇల్లు కట్టిస్తున్నం. పైసలు మనవి, ఇటుక కొనేది మాత్రం అక్కడ తమ్ముడో, బావమరిదో, నాయనో. మనకు ఫోన్‌లో ఒక ఫోటో వస్తది. "అన్నా, మట్టి ఇటుక తీసుకోవాల్నా, బూడిద ఇటుక తీసుకోవాల్నా, సిమెంట్ బ్లాక్ తీసుకోవాల్నా? రేటు ఇంత అంటున్నడు, అడ్వాన్స్ పంపు" అంటరు. ఫోటోలో అన్ని ఇటుకలూ మంచిగనే కనిపిస్తయి. ఏ ఇటుక గొప్పది అని అడిగితే నా జవాబు ఒక్కటే. మూడింట్ల ఏదైనా మంచిగ తయారైతే ఇంటికి సరిపోతది, సరిగ్గా తయారు కాకపోతే ఏదీ పనికిరాదు. అందుకే ముందు అవి ఎట్ల గట్టిపడతయో తెలుసుకోవాలె.

మట్టి ఇటుకకు బలం మంటతో వస్తది. బంకమన్ను తొక్కి, అచ్చు పోసి, ఎండబెట్టి, బట్టీలో ఊకతోనో, బొగ్గుతోనో కాలుస్తరు. బట్టీ నడుమ ఉన్న ఇటుక బాగా కాలుతది. అంచుల మీద ఉన్నది సగమే కాలుతది. మంట మరీ దగ్గరున్నది మాడి వంకర పోతది. అంటే ఒకే బట్టీలో మూడు రకాల ఇటుక ఉంటది. అమ్మేటోడు మూడూ కలిపి ట్రాక్టర్‌కు ఎత్తుతడు.

బూడిద ఇటుక, అదే ఫ్లై యాష్ ఇటుక, మంట చూడదు. కరెంటు తయారుచేసే ప్లాంట్లలో బొగ్గు కాలితే వచ్చే సన్న బూడిదను, అంటే మన దిక్కు రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల వచ్చేదాన్ని, సిమెంట్ లేకపోతే సున్నం, జిప్సంతో పాటు రాతి పొడి కలిపి మిషన్‌లో ఒత్తుతరు. మిషన్ నుంచి వచ్చిన రోజే అది చూడటానికి ఇటుక లెక్కనే ఉంటది. కానీ బలం అప్పుడు రాదు. రోజూ నీళ్లు కొడితే మెల్లమెల్లగ వస్తది.

సిమెంట్ బ్లాక్, మనం ఇక్కడ తాబూక్ అనేది, దానికీ అదే లెక్క. సిమెంట్, ఇసుక లేకపోతే రాతి పొడి, సన్న కంకర కలిపి ఒత్తి, నీళ్లు పెట్టి తడుపుతరు. కనీసం రెండు వారాలు తడి ఆరకుండ ఉండాలె. ఆ తర్వాత కూడా ఎండి, ముడుచుకునేది ముడుచుకునే దాకా ఆగాలె.

కాబట్టి మట్టి ఇటుక అమ్మేటోన్ని "బట్టీలో ఏ వరుస ఇటుక ఇస్తున్నవు?" అని అడగాలె. మిగతా రెండు అమ్మేటోన్ని "ఏ రోజు ఒత్తినవు, ఎన్ని రోజులు తడిపినవు?" అని అడగాలె. 28 రోజులు నిండినది అడిగి తీసుకోవాలె. గిరాకీ ఎక్కువున్నప్పుడు వారం కూడా కాని సరుకును లోడ్ చేసి పంపుతరు. మోసం ఎక్కువ జరిగేది ఇక్కడనే.

మట్టి ఇటుకను ఇట్ల చూడాలె. రెండు ఇటుకలు చేతిల పట్టుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలె. దబ్బుమని చప్పుడొస్తే సరిగ్గా కాలలేదని అర్థం. గోరుతో గీకితే గీత పడొద్దు. ఒక ఇటుకను విరగ్గొట్టి లోపల చూడాలె. బయటి రంగే లోపల కూడా ఉండాలె. నడుమ నల్లగనో, పచ్చి మట్టి రంగులోనో ఉంటే లోపలికి మంట అందలేదు. లోపల తెల్లటి గింజలు కనిపిస్తే అవి సున్నపు రాయి ముక్కలు కావచ్చు. అది కాలి, తర్వాత తడి తగిలితే ఉబ్బుతది. గోడ కట్టి ప్లాస్టర్ చేసినంక నెలలకు పూత పెచ్చులుగ ఊడేది దానివల్లనే. అనుమానం ఉంటే నాలుగు ఇటుకలు నీళ్లలో నానబెట్టండి. సున్నపు రాయి ఉంటే ఒకటి రెండు రోజులల్ల అక్కడక్కడ చిట్లుతది.

బూడిద ఇటుకకు రంగు చూసి లాభం లేదు, రంగు బూడిదను బట్టి మారుతది. దీనికి మూల చూడాలె. బొటన వేలితో అంచును గట్టిగ రుద్దితే పొడి రాలొద్దు. రెండు మూరలు, అంటే మూడు అడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే ముక్కలు ముక్కలు కావొద్దు. మూల కొంచెం ఎగిరిపోతే పర్వాలేదు. విరగ్గొడితే లోపల బూడిద ఉండలు ఉండలుగ కనిపించొద్దు. ఉండలుంటే కలుపుడు సరిగ్గా జరగలేదు.

ఇగ రెండింటికీ కలిసొచ్చే పరీక్ష నీళ్ల పరీక్ష. కూరగాయల కాంటా ఒకటి, బకెట్ ఒకటి ఉంటే చాలు. ఐదు ఇటుకలను రెండు మూడు రోజులు ఎండలో పెట్టి బాగా ఆరినంక తూకం వెయ్యాలె. తర్వాత 24 గంటలు నీళ్లలో ముంచి, తీసి, తడి గుడ్డతో తుడిచి మళ్లీ తూకం వెయ్యాలె. మన దేశం ప్రమాణం ప్రకారం మామూలు ఇటుక తన బరువులో 20 శాతం కంటే ఎక్కువ నీళ్లు తాగొద్దు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటొద్దు. సిమెంట్ బ్లాక్‌కు లెక్క ఇంకా గట్టిది, 10 శాతమే. ఎండలో ఆరబెట్టిన లెక్క ల్యాబ్ లెక్కంత కచ్చితం కాదు. కానీ 3 కిలోల ఇటుక 4 కిలోల దగ్గరికి పోయిందంటే ల్యాబ్‌తో పనిలేదు. నానబెట్టిన బకెట్ అడుగున బురద దిగినా, నానిన ఇటుక మూలలు మెత్తబడ్డా ఆ లోడు వద్దనాలె.

మన క్యాంపులో ఒక తమ్ముని ఇంటి లెక్క చెప్తా, అర్థమైతది. వాళ్ల అన్న బూడిద ఇటుక 10,000 బేరం చేసిండు. ఒక్క ఇటుకకు పక్క ఊరోని కంటే అర్ధ రూపాయి తక్కువ. సైజు అడిగితే 9, 4, 3 అంగుళాలు అన్నడు. అడ్వాన్స్ పంపే ముందు వీడియో కాల్ పెట్టమన్నం. పది ఇటుకలు ఒకదాని వెనక ఒకటి సందు లేకుండ నేల మీద పేర్పించినం. 90 అంగుళాలు రావాలె, టేప్ పెడితే 85 వచ్చింది. పది ఇటుకలు ఒకదాని మీద ఒకటి నిలబెడితే 30 రావాలె, 27న్నర వచ్చింది. అంటే ఇటుక ఎనిమిదిన్నర పొడవు, రెండుముప్పావు ఎత్తు. ఒక్క ఇటుకను చేతిల పట్టుకుంటే ఆ తేడా కంటికి ఆనదు.

ఇప్పుడు గోడ లెక్క చూడండి. నాలుగు అంగుళాల గోడ పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు కట్టాలంటే, మాలుతో కలిపి అసలు సైజు ఇటుక 450 పడతయి. ఆ చిన్న ఇటుక 514 పడతయి. 10,000 ఇటుక కట్టాల్సిన గోడకు వీడి ఇటుకతో 11,400 పైన కావాలె. అర్ధ రూపాయి మిగిలిందనుకున్న చోట 1,400 ఇటుకలు ఎక్కువ కొనాలె. దాని మీద మాలు ఎక్కువ, మేస్త్రి కూలి ఎక్కువ. ఇగ మూల రుద్దిపిస్తే పొడి రాలింది. ఏ రోజు ఒత్తినవంటే ముందు నెల అన్నడు. పక్కనున్న కూలోళ్లను అడిగితే ఐదు రోజులు అన్నరు. అక్కడికక్కడ బేరం వదిలేసినం. పక్క ఊర్ల ఇదే పరీక్ష చేసి, నెల దాటిన ఇటుక తీసుకున్నరు.

అందుకే రేటు ఎప్పుడూ ఒక్క ఇటుకకు కాకుండ, గోడకు కట్టి చూడాలె. బ్లాక్‌కు కూడా అంతే. పదహారు, ఎనిమిది అంగుళాల బ్లాక్ అయితే అదే పదికి పది గోడకు 105 దాకా సరిపోతయి. మాలు తక్కువ పడతది, పని జల్దీ అయితది. కానీ నాలుగు అంగుళాల మందం నిండు బ్లాకే 17 కిలోల దాకా ఉంటది, ఆరు అంగుళాలది 26 కిలోల దాకా. పైకి ఎత్తే కూలి ఆలోచించుకోవాలె. బరువు బాగా తక్కువుంటే అందులో తేలిక బూడిద ఎక్కువ కలిపిండనో, సరిగ్గా ఒత్తలేదనో అడగాలె.

బ్లాక్ గోడకు మెట్లు మెట్లుగ, అతుకుల వెంట పగుళ్లు వస్తయి. అందరూ మేస్త్రిని తిడతరు. చాలాసార్లు తప్పు వయసు నిండని బ్లాక్‌ది. పచ్చి బ్లాక్ గోడలోకి పోయినంక ఆరుకుంట ముడుచుకుంటది, అప్పుడు గోడ చిట్లుతది. ఇంకొకటి, మట్టి ఇటుకను కట్టే ముందు బుడగలు ఆగే దాకా నానబెట్టాలె, లేకపోతే మాలులోని నీళ్లు గుంజుకుంటది. అదే అలవాటుతో సిమెంట్ బ్లాక్‌ను నానబెట్టొద్దు. పైపైన నీళ్లు చిలకరిస్తే చాలు. నానిన బ్లాక్ ఆరేటప్పుడు మళ్లీ ముడుచుకుంటది. బూడిద ఇటుకకు కూడా చిలకరింపే చాలు.

ఇక్కడ పెద్ద సైట్లకు బ్లాక్ వస్తే కాగితం అడుగుతరు, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపుతరు, మీరే చూస్తున్నరు. ఊర్లో కూడా అడగొచ్చు. చాలా ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఇటుకను నొక్కి బలం చూసే మిషన్ ఉంటది, ఫీజు కట్టించుకుని చేసి ఇస్తరు. ఇటుకకు అన్నిటికంటే తక్కువ తరగతి అంటేనే చదరపు సెంటీమీటరుకు 35 కిలోల బరువు మొయ్యాలె. రిపోర్టులో అది 3.5 న్యూటన్లు అని ఉంటది. పిల్లర్లు లేకుండ గోడ మీదనే స్లాబ్ వేసేటోళ్లు ఆ అంకెతో సరిపెట్టుకోవద్దు, ఇంజనీర్‌ను అడిగి ఎంత కావాలో రాయించుకోవాలె.

చివరగ ఒక్కటి. శాంపిల్ మంచిగ చూపెట్టి లోడు వేరేది పంపుడు మామూలే. నచ్చిన ఇటుకలు ఐదు మన ఇంట్లనే పెట్టుకుని వాటి మీద రంగుతో తారీకు రాయమనండి. మొదటి ట్రాక్టర్ దించంగనే లోడు నడుమ నుంచి పది ఇటుకలు తీసి వాటి పక్కన పెట్టి కొలవాలె, కొట్టి చూడాలె, మూల రుద్దాలె. పైవరుస చూసి సరే అనొద్దు. అడ్వాన్స్ ఒక్క ట్రిప్పు మందమే ఇచ్చి, ఈ పరీక్ష అయినంకనే రెండో ట్రిప్పుకు పైసలు వెయ్యండి.

ఇప్పుడు ఇటుక బేరంలో ఉన్న వాళ్లు ఈ మెసేజ్ ఇంటికి పంపి, టేప్, కాంటా దగ్గర పెట్టుకుని వీడియో కాల్ చెయ్యమనండి. కొలతలు వచ్చినంక నాకు పంపితే గోడ లెక్క కట్టి చెప్త.