ఔట్‌డోర్ యూనిట్ మూలిగితే

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో తలెత్తి చూస్తే హాస్టళ్ల గోడల మీద వరసగా ఏసీ ఔట్‌డోర్ యూనిట్లే. పంజాగుట్ట అపార్టుమెంట్లలో చాలావాటిని డక్టుల్లోకి తోసేశారు. పగటి ట్రాఫిక్ రొదలో వీటి చప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు. అర్ధరాత్రి నిద్రపట్టనివాళ్లకే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. ఆ తేడా ఎలాంటిదో మెకానిక్‌కు విడమరిచి చెప్పగలిగితే, బాగున్న కంప్రెసర్‌ను మార్పించుకునే ఖర్చు తప్పుతుంది.

గడగడ చప్పుడు చాలావరకు బిగింపుల గొడవ. మామూలు ఏసీ కంప్రెసర్ నిమిషానికి దాదాపు 2,850 సార్లు తిరుగుతుంది. ఆ అదురుకు రేకు స్క్రూలు వదులవుతాయి, కాళ్ల కింది రబ్బర్లు అరుగుతాయి, రాగి పైపులు ఒకదానికొకటి తగులుతాయి. ఫ్యాను నెమ్మదించే కొద్దీ టకటక కూడా నెమ్మదిస్తే రెక్కకు ఏదో తగులుతున్నట్టు. గోడ బ్రాకెట్ దగ్గర కటకటమంటే మాత్రం ఆ రోజే చూపించాలి. 30 కిలోలకు పైబడిన బరువు తుప్పు పట్టిన బోల్టుల మీద సందులో నడిచేవాళ్ల నెత్తిపైన వేలాడుతూ ఉంటుంది.

బుసలో రెండు రకాలున్నాయి. ఏసీ ఆపాక రెండు మూడు నిమిషాలు సుయ్‌మంటే భయం లేదు. ఎక్కువ ప్రెషర్ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు గ్యాస్ సర్దుకుంటోంది. ఆపిన ఏసీని మూడు నిమిషాలు ఆగి వేయమనేది అందుకే. గంటల తరబడి ఆగి ఉన్న యూనిట్ దగ్గర బుస వినిపించినా, పైపు నట్టు చుట్టూ నూనె మరక కనిపించినా అది లీకే. చిన్న లీకుకు చప్పుడే ఉండదు, సబ్బు నురగ పూసి చూస్తేనే బయటపడుతుంది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. లీకు పట్టుకోకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం దండగ. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి దగ్గర్లో మంట పెట్టకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా జనాన్ని మోసం చేసేది మూలుగు. టన్నున్నర మామూలు ఏసీ ఒకటి అనుకుందాం. చల్లదనం లేదు. ఔట్‌డోర్ కొన్ని సెకన్లు గుయ్‌మంటుంది, టక్‌మని ఆగుతుంది, కొన్ని నిమిషాలు మౌనంగా ఉండి మళ్లీ గుయ్‌మంటుంది. కంప్రెసర్ పోయిందన్న మాట అప్పుడే వినపడుతుంది.

లోపల జరిగేది ఇది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు కాబట్టి మోటారు ఇనుము సెకనుకు 100 సార్లు అదురుతుంది. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు ఆ మూలుగు మిగతా చప్పుడులో కలిసిపోతుంది. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటుకు మోటారును కదిలించే తొలి తోపు ఇచ్చే శక్తి లేదు. ఆ తోపు కెపాసిటర్ ఇస్తుంది. అది బలహీనపడితే మోటారు కదలదు, మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతూ గుయ్‌మంటుంది. కాలిపోకముందే ఓవర్‌లోడ్ టక్‌మని కట్ చేస్తుంది. చల్లారాక మళ్లీ కలుపుతుంది.

మెకానిక్ ముందు వోల్టేజీ చూడాలి. మే నెల రాత్రుల్లో ఏసీలన్నీ ఒక్కసారి నడిచేటప్పుడు 230 ఉండాల్సిన వోల్టేజీ 184కు పడిందనుకోండి, అంటే ఐదో వంతు తగ్గింది. మోటారు తిప్పే బలం మాత్రం మూడో వంతుకు పైగా పోయి 64 శాతమే మిగులుతుంది. రాత్రి మూలిగిన ఏసీ తెల్లవారుజామున మామూలుగా లేస్తే అనుమానం వోల్టేజీ మీదే. ఏ వేళ వేసినా మూలిగితే కెపాసిటర్ చూడాలి. దాని మీద 45 మైక్రోఫారడ్ అని, 5 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటే మీటరులో సుమారు 43 నుంచి 47 మధ్య రావాలి. 27 వస్తే అది పోయినట్టే. దాన్ని మార్చడానికయ్యేది కంప్రెసర్ ఖర్చులో చిన్న వంతు. వోల్టేజీ, కెపాసిటర్ రెండూ సరిగా ఉండి కూడా మూలుగుతుంటేనే కంప్రెసర్ బిగుసుకుందేమో, వైండింగ్ దెబ్బతిందేమో చూడాలి.

ఈలోగా ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఎంసీబీ ఆపేయడం. లేస్తుందేమోనని పదేపదే వేస్తే బాగున్న వైండింగ్ కూడా వేడెక్కి పాడవుతుంది. మూత విప్పి చేయి మాత్రం పెట్టొద్దు. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో ప్రమాదకరమైన ఛార్జి నిలిచి ఉండొచ్చు.

ఇన్వర్టర్ ఏసీల సంగతి వేరు. వాటి కంప్రెసర్‌ను బోర్డు నడుపుతుంది, తొలి తోపుకు ఈ కెపాసిటర్ అక్కర్లేదు. గది చల్లబడే కొద్దీ వేగం తగ్గి స్వరం మారడం వాటికి సహజం. మారకుండా ఒకే తీరున గుయ్‌మంటూ చల్లదనం ఇవ్వకపోతే, ఇండోర్ యూనిట్ మీద కనిపించే ఎర్రర్ కోడ్‌ను రాసి పెట్టుకుని మెకానిక్‌కు ఫోన్‌లోనే చదివి వినిపించాలి.